అమెరికాలో క్యాంపస్ జాబ్‌కి మెయిల్ రాస్తున్నారా? 'ఎన్ని గంటలైనా చేస్తా' అని మాత్రం రాయొద్దు!

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి ఎమ్మెస్ కోసం అమెరికా వెళ్లేవాళ్లలో చాలామంది ఇంటి మీదో, పొలం మీదో లోన్ పెట్టి ఫ్లైట్ ఎక్కుతున్నారు. అందుకే దిగిన వారం నుంచే క్యాంపస్ జాబ్ వేట మొదలవుతుంది. ఆ తొందరలో మెయిల్‌లో 'ఎనీటైమ్, ఎన్ని గంటలైనా ఓకే' అని రాసేస్తుంటారు. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

అసలు రూల్ ఏంటి?

ఎఫ్-1 వీసా మీద ఉన్న స్టూడెంట్ క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయాలి. ఇది ఒక్కో జాబ్‌కి 20 కాదు, అన్ని జాబులూ కలిపి 20. పరీక్షల వారం కూడా సెమిస్టర్‌లో భాగమే. సెమిస్టర్ సెలవుల్లో మాత్రం, తర్వాతి టర్మ్‌లో చదువు కొనసాగించేవాళ్లు ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు.

ఇంకో విషయం. ఈ వారం 14 గంటలే చేశా కాబట్టి వచ్చే వారం 26 చేస్తానంటే కుదరదు. మిగిలిన గంటలు ముందుకు జరగవు. ఏ వారం లెక్క ఆ వారానిదే.

ఒక ఉదాహరణ చూద్దాం

గుడివాడ నుంచి వెళ్లిన ఒక అమ్మాయి అనుకుందాం. లైబ్రరీలో సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకి 2 గంటలు చేస్తోంది. అంటే వారానికి 10. ఇప్పుడు డైనింగ్ హాల్‌లో ఖాళీ పడింది. అక్కడ 4 గంటల షిఫ్టులు, వారానికి మూడు. అంటే 12. రెండూ కలిపితే 22, లిమిట్ దాటిపోయింది.

చిన్న తేడాయేగా అనిపిస్తుంది. కానీ జీతం ఇచ్చేది యూనివర్సిటీయే కాబట్టి రెండు జాబుల గంటలూ పేరోల్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ 2 గంటలు వీసా స్టేటస్ ఉల్లంఘన కిందకి వస్తాయి.

మరి మెయిల్ ఎలా రాయాలి? సారాంశం ఇలా ఉంటే చాలు: "నేను ఎఫ్-1 స్టూడెంట్‌ని. సెమిస్టర్‌లో క్యాంపస్‌లో అన్ని జాబులూ కలిపి వారానికి 20 గంటల వరకే చేయగలను. లైబ్రరీలో ఇప్పటికే 10 గంటలు చేస్తున్నాను. మీ దగ్గర శని, ఆదివారాల్లో ఒక్కో షిఫ్ట్, మొత్తం 8 గంటలు రాగలను." దాని కింద ఖాళీగా ఉండే రోజులు, టైమింగ్స్, ఇంతకుముందు చేసిన పని రెండు మూడు లైన్లలో రాస్తే సరిపోతుంది.

దీనివల్ల రోస్టర్ వేసే మేనేజర్‌కి మొదటి రోజే క్లారిటీ వస్తుంది. మొత్తం 18 గంటలు అవుతాయి, 2 గంటలు చేతిలో ఉంటాయి. రష్ ఎక్కువై షిఫ్ట్ అరగంట సాగినా లిమిట్ దాటదు.

సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇంకా రాలేదా? కంగారు వద్దు. ఎఫ్-1 వాళ్లకి ముందు జాబ్ దొరకాలి. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ ఇచ్చే లెటర్, ఇంటర్నేషనల్ ఆఫీస్ ఇచ్చే లెటర్ పట్టుకెళ్లి అప్లై చేయాలి. మెయిల్‌లో 'ఆఫర్ రాగానే అప్లై చేస్తాను' అని రాస్తే చాలు.

ఎక్కడ దొరికిపోతారు?

ఎక్కువగా షిఫ్ట్ మార్పిడిలో. 'రేపు నాకు ఎగ్జామ్, నా షిఫ్ట్ చెయ్యి రా' అని ఫ్రెండ్ అడుగుతాడు. ఆ 4 గంటలు చేసినవాళ్ల ఖాతాలోనే పడతాయి. 18 కాస్తా 22 అవుతుంది. అందుకే ఒప్పుకునే ముందు ఆ వారం గంటలు కూడి చూసుకోవాలి. మీ యూనివర్సిటీ ఏ రోజు నుంచి వారం లెక్కేస్తుందో ముందే కనుక్కోండి. 20 గంటల అసిస్టెంట్‌షిప్ ఉన్నవాళ్లకైతే ఇంకో జాబ్‌కి చోటే లేదు.

రెండోది, క్యాంపస్ లోపల ఉన్న ప్రతి పనీ క్యాంపస్ జాబ్ కాదు. స్టూడెంట్లకి సేవలందించే బుక్‌స్టోర్, కెఫెటీరియా ఓకే. అక్కడే బిల్డింగ్ కడుతున్న ప్రైవేట్ కంపెనీలో పని మాత్రం కుదరదు. బయట గ్యాస్ స్టేషన్‌లో అనుమతి లేకుండా క్యాష్‌కి చేసే పని సంగతి చెప్పక్కర్లేదు.

దాటితే ఏమవుతుంది?

స్టూడెంట్ రికార్డు ఉండే సెవిస్‌లో స్టేటస్ రద్దయ్యే ప్రమాదం ఉంది. తర్వాత ఓపీటీ, హెచ్-1బీ, గ్రీన్‌కార్డ్ దశల్లోనూ ఇది అడ్డుపడొచ్చు. ఇప్పటికే ఏదో వారం గంటలు దాటి ఉంటే టైమ్‌షీట్‌లో తగ్గించి చూపించొద్దు. వెంటనే ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓని కలవండి, అవసరమైతే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

ఇక్కడున్న తల్లిదండ్రులు కూడా ఒకటి గమనించాలి. క్యాంపస్ జాబ్ డబ్బు సరుకులు, ఫోన్ బిల్లు లాంటి ఖర్చులకి పనికొస్తుంది. ఫీజు, లోన్ ఈఎంఐ కూడా దాంతోనే కట్టమంటే, పిల్లలు 21వ గంట వైపు చూడాల్సి వస్తుంది.