గోడ ఫొటో నుంచి ఇటుకల సంఖ్యను అంచనా వేయడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- ఇటుక కొలత, జాయింటు మందం తెలిసినప్పుడు గోడ ముఖంపై ఒక్కొక్క ఇటుక ఆక్రమించే స్థలాన్ని లెక్కించగలుగుతారు.
- ఫొటోలోని కొలతలను గోడ అసలు కొలతలుగా మార్చి, ఇటుకల సంఖ్యను అంచనా వేయగలుగుతారు.
- ఫొటోలో కనిపించే ఇటుక ముఖాల సంఖ్యకూ, గోడలో ఉన్న ఇటుకల సంఖ్యకూ తేడా చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక గ్రామంలో సామాజిక భవనం కడుతున్నారనుకుందాం. పక్క గోడ పూర్తయింది, ఇంకా ప్లాస్టరింగు కాలేదు. ఆ గోడకు 2,000 ఇటుకలు పట్టాయని బిల్లు వచ్చింది. మీ చేతిలో ఉన్నది ఆ గోడ ఫొటో ఒక్కటే. ఆ బిల్లు సబబేనా?

ఫొటోలోని ఇటుకలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదటి ఆలోచన. అది శ్రమతో కూడిన పని. పైగా గోడ ముందు ఇసుక కుప్పో, సెంట్రింగు కర్రలో ఉంటే కొంత భాగం కనిపించదు. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఫొటోలో గోడ ముఖం మాత్రమే కనిపిస్తుంది, దాని వెనుక ఉన్న ఇటుకలు కనిపించవు. అందుచేత లెక్కపెట్టడానికి బదులు కొలిచి అంచనా వేసే పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం.

2. ఇటుక, జాయింటు కలిసి ఒక గడి

గోడలో ప్రతి ఇటుకకూ పక్కన ఒక నిలువు జాయింటు, కింద ఒక అడ్డ జాయింటు ఉంటాయి. ఈ జాయింట్లలో సిమెంటు మాలు నిండి ఉంటుంది. కనుక గోడ ముఖంపై ఒక ఇటుక ఆక్రమించే స్థలం ఇటుక ముఖం కంటే పెద్దది. ఇటుకను, దానికి చెందిన జాయింట్లను కలిపి ఒక 'గడి' అందాం. ఇటుక పొడవు l, ఎత్తు h, జాయింటు మందం m అయితే, గడి పొడవు l + m, గడి ఎత్తు h + m అవుతాయి. గోడ ముఖ వైశాల్యం నుంచి కిటికీలు, తలుపుల వైశాల్యం తీసివేయగా మిగిలినది A అయితే, గడుల సంఖ్య:

```
N = A / ((l + m)(h + m))
```

ఐ.ఎస్. 1077 ప్రమాణంలోని మాడ్యులర్ ఇటుక కొలతల వెనుక ఉన్న ఆలోచన ఇదే. ఆ ఇటుక 190 × 90 × 90 మి.మీ. ఉంటుంది. 10 మి.మీ. జాయింటు కలిపితే అది 200 × 100 × 100 మి.మీ. అవుతుంది. అప్పుడు చదరపు మీటరు గోడ ముఖానికి సరిగ్గా 50 గడులు వస్తాయి.

మన ప్రాంతంలో బట్టీల నుంచి వచ్చే ఇటుకల కొలతలు ఊరూరికీ మారతాయి. అందువల్ల పుస్తకంలోని కొలత మీద ఆధారపడకుండా, ఆ పనికి వాడిన ఇటుకనే కొలవాలి. జాయింటు మందాన్ని మాత్రం ఒక్క చోట స్కేలు పెట్టి కొలవవద్దు, ఎందుకంటే అది ప్రతి చోటా ఒకేలా ఉండదు. ఒక ఇటుక కింది అంచు నుంచి పదో వరుస పైనున్న ఇటుక కింది అంచు వరకు టేపుతో కొలవండి. అందులో పది ఇటుకల ఎత్తులు, పది జాయింట్లు ఉంటాయి. మన గోడలో ఈ కొలత 870 మి.మీ. వచ్చిందనుకుందాం. ఇటుక ఎత్తు 75 మి.మీ. కనుక పది ఇటుకలకు 750 మి.మీ. పోగా 120 మి.మీ. మిగిలింది. అంటే సగటు జాయింటు 12 మి.మీ.

3. ముఖాలు ఎన్ని? ఇటుకలు ఎన్ని?

ఇటుక పొడవు వైపు బయటకు కనిపించేలా పేరిస్తే దాన్ని స్ట్రెచర్ అని, కొస వైపు కనిపించేలా పేరిస్తే హెడర్ అని అంటారు. నాలుగున్నర అంగుళాల గోడ మందం ఒక ఇటుక వెడల్పుతో సమానం. అందులో అన్నీ స్ట్రెచర్లే. కనుక ఒక ముఖం అంటే ఒక ఇటుక, ఒక గడి అంటే కూడా ఒక ఇటుకే.

తొమ్మిది అంగుళాల గోడ మందం ఒక ఇటుక పొడవుతో సమానం. దీన్ని ఇంగ్లీషు బాండులో కడితే ఒక వరుస అంతా స్ట్రెచర్లు, దాని పై వరుస అంతా హెడర్లు వస్తాయి. స్ట్రెచర్ల వరుసలో కనిపించే ప్రతి ఇటుక వెనుక మరో ఇటుక ఉంటుంది. హెడర్ల వరుసలో ఇటుక గోడ ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఉంటుంది కనుక దాని వెనుక వేరే ఇటుక లేదు. అయితే ఒక స్ట్రెచర్ పట్టే పొడవులో దాదాపు రెండు హెడర్లు పడతాయి.

ఇప్పుడు ఒక స్ట్రెచర్ గడిని, దాని పై వరుసలోని అదే పొడవు భాగాన్ని కలిపి చూడండి. కింద కనిపించే ముఖం ఒకటి, ఇటుకలు రెండు. పైన కనిపించే ముఖాలు రెండు, ఇటుకలు రెండు. మొత్తం ముఖాలు మూడు, ఇటుకలు నాలుగు. కాబట్టి ఫొటోలో కనిపించే ముఖాలను లెక్కపెట్టి అదే ఇటుకల సంఖ్య అనుకుంటే తక్కువ వస్తుంది. గోడ రెండు ఇటుకల మందం అనుకుని ముఖాల సంఖ్యను రెట్టింపు చేస్తే ఎక్కువ వస్తుంది. స్ట్రెచర్ గడుల సంఖ్యను రెట్టింపు చేయడమే సరైన పద్ధతి. బాండు మారితే కనిపించే ముఖాల సంఖ్య మారుతుంది. గడికి ఎన్ని ఇటుకలన్నది మాత్రం గోడ మందాన్ని బట్టి ఉంటుంది.

4. పరిష్కరించిన ఉదాహరణ

మన సామాజిక భవనం గోడ తొమ్మిది అంగుళాలది, ఇంగ్లీషు బాండులో కట్టినది. ఇటుక 230 × 110 × 75 మి.మీ., జాయింటు 12 మి.మీ. కనుక గడి 242 × 87 మి.మీ. ఫొటోను గోడకు ఎదురుగా నిలబడి తీశారు. కంప్యూటరులో ఫొటోను తెరిచి పిక్సెళ్లలో కొలిస్తే ఈ విలువలు వచ్చాయి:

- ఒక స్ట్రెచర్ల వరుసలో జాయింట్లతో సహా 5 ఇటుకల పొడవు: 605 పిక్సెళ్లు
- జాయింట్లతో సహా 10 వరుసల ఎత్తు: 435 పిక్సెళ్లు
- గోడ పొడవు 3,020, ఎత్తు 1,520 పిక్సెళ్లు
- కిటికీ 600 × 600, దానిపై కాంక్రీటు లింటెల్ 750 × 75 పిక్సెళ్లు

మొదటి మెట్టు: స్కేలు. గడి పొడవు 605 ÷ 5 = 121 పిక్సెళ్లు. అది నిజంగా 242 మి.మీ. కనుక ఒక పిక్సెల్ 2 మి.మీ.తో సమానం. ఎత్తులో కూడా సరిచూడండి. గడి ఎత్తు 43.5 పిక్సెళ్లు, అంటే 87 మి.మీ. రెండూ సరిపోయాయి. ఒక్క జాయింటునే ఫొటోలో కొలిస్తే అది 6 పిక్సెళ్లే ఉంటుంది. అందులో ఒక పిక్సెల్ తేడా వచ్చినా ఆరో వంతు తప్పు. ఐదు గడులనో, పది వరుసలనో కలిపి కొలిస్తే అదే ఒక పిక్సెల్ తేడా లెక్కలోకి రానంత చిన్నది.

రెండో మెట్టు: వైశాల్యం. గోడ 6.04 మీ. × 3.04 మీ. = 18.36 చ.మీ. కిటికీ 1.2 × 1.2 = 1.44 చ.మీ., లింటెల్ 1.5 × 0.15 = 0.225 చ.మీ. ఇవి తీసివేస్తే దాదాపు 16.70 చ.మీ. మిగులుతుంది.

మూడో మెట్టు: గడులు. ఒక గడి వైశాల్యం 0.242 × 0.087 = 0.02105 చ.మీ. కనుక గడుల సంఖ్య 16.70 ÷ 0.02105 = సుమారు 793.

నాలుగో మెట్టు: ఇటుకలు. తొమ్మిది అంగుళాల గోడ కనుక 793 × 2 = 1,586 ఇటుకలు. ఫొటోలో కనిపించే ముఖాలు మాత్రం 793 × 1.5, అంటే దాదాపు 1,190.

విరిగిపోయేవాటికి 5 శాతం కలిపినా 1,665 దాటదు. బిల్లులోని 2,000కు ఇది చాలా దూరం. మరి 2,000 అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చి ఉండవచ్చు? జాయింట్లను వదిలేసి ఇటుక ముఖం 0.230 × 0.075 తోనే భాగించి చూడండి. 968 వస్తుంది, రెట్టింపు చేస్తే 1,936. జాయింటు మరచిపోవడం వల్ల మాత్రమే 350 ఇటుకలు, అంటే 22 శాతం పెరిగాయి. అయితే ఒక తీర్మానానికి వచ్చే ముందు ఒక విషయం కనుక్కోవాలి. నేల కింద ఉన్న పునాది గోడ ఫొటోలో కనిపించదు. బిల్లులో ఆ ఇటుకలు కూడా కలిసి ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి.

5. జాయింటు మందంలో తేడా వస్తే

జాయింటును 12కు బదులు 10 మి.మీ. అనుకున్నామనుకోండి. గడి 240 × 85 మి.మీ. అవుతుంది, ఇటుకల సంఖ్య దాదాపు 1,637కు పెరుగుతుంది. రెండు మి.మీ. తేడాకు సుమారు 3 శాతం మార్పు వచ్చింది. ఇందులో ఎక్కువ భాగం ఎత్తు వల్లనే. 87లో 2 అంటే 2.3 శాతం, 242లో 2 అంటే 0.8 శాతం మాత్రమే. ఇటుక ఎత్తు చిన్నది కాబట్టి అడ్డ జాయింటు ప్రభావం నిలువు జాయింటు కంటే దాదాపు మూడు రెట్లు ఉంటుంది. అందువల్ల కొలతకు సమయం తక్కువగా ఉంటే వరుసల ఎత్తును జాగ్రత్తగా కొలవండి.

6. ఫొటో పక్క నుంచి తీసినదైతే

ఎదురుగా తీసిన ఫొటోలో గడి పొడవును ఎత్తుతో భాగిస్తే 242 ÷ 87 = 2.78 రావాలి. 2.4 వంటి విలువ వస్తే ఫొటోను పక్కగా నిలబడి తీశారని అర్థం. అప్పుడు కెమెరాకు దగ్గరి ఇటుకలు పెద్దవిగా, దూరపువి చిన్నవిగా కనిపిస్తాయి. దగ్గరి గడిని కొలిచి గోడ అంతటికీ వర్తింపజేస్తే సంఖ్య తక్కువ వస్తుంది.

ఇలాంటి ఫొటోలో కొలవడం మాని, రెండు లెక్కలు మాత్రం పెట్టండి. గోడ దగ్గరి అంచు వెంట కింది నుంచి పైకి వరుసలు ఎన్నో, ఒక స్ట్రెచర్ల వరుసలో ఈ చివర నుంచి ఆ చివరకు ఇటుకలు ఎన్నో లెక్కించండి. కెమెరా ఎక్కడ ఉన్నా ఇటుకల పరిమాణం మారినట్లు కనిపిస్తుందే గాని వాటి సంఖ్య మారదు. మన గోడలో వరుసలు 35, ఒక వరుసలో స్ట్రెచర్లు 25. గడులు 875. కిటికీ, లింటెల్ స్థలంలో పట్టే 79 గడులు తీసివేస్తే 796. ముందు వచ్చిన 793కు ఇది చాలా దగ్గరగా ఉంది. ఎదురుగా తీసిన ఫొటోలో కూడా దీన్ని సరిచూసుకునే పద్ధతిగా వాడవచ్చు.

7. సారాంశం

ఇటుకకు జాయింటు మందం కలిపితే గడి వస్తుంది. తెరుపులు పోగా మిగిలిన వైశాల్యాన్ని గడి వైశాల్యంతో భాగిస్తే గడుల సంఖ్య తెలుస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడకు గడికి ఒక ఇటుక, తొమ్మిది అంగుళాల గోడకు గడికి రెండు ఇటుకలు. ఫొటోలో ఎన్నో గడులను కలిపి కొలవాలి. పక్క నుంచి తీసిన ఫొటోలో వరుసలను, ఇటుకలను లెక్కించాలి.

8. మీ ప్రగతిని సరిచూసుకోండి

1) 4 మీ. పొడవు, 2 మీ. ఎత్తు ఉన్న గోడను 190 × 90 × 90 మి.మీ. ఇటుకలతో, 10 మి.మీ. జాయింటుతో, ఒక ఇటుక వెడల్పు మందంతో కట్టారు. ఎన్ని ఇటుకలు పడతాయి?

2) ఫ్లెమిష్ బాండులో ప్రతి వరుసలోనూ ఒక హెడర్, ఒక స్ట్రెచర్ మార్చి మార్చి వస్తాయి. తొమ్మిది అంగుళాల గోడ ఫొటోలో 1,200 ముఖాలు కనిపిస్తే గోడలో ఇటుకలు ఎన్ని?

జవాబులు

1) 8 ÷ (0.2 × 0.1) = 400.

2) ఒక హెడర్‌కు ఒక ఇటుక, ఒక స్ట్రెచర్‌కు రెండు ఇటుకలు. అంటే ప్రతి రెండు ముఖాలకు మూడు ఇటుకలు. కనుక 1,200 × 3 ÷ 2 = 1,800.