నాలుగు ముక్కల సాగర్ పాఠం

“మా అమ్మాయి కష్టపడి తెచ్చుకున్న మార్కులు పక్కవాళ్లకు పంచిపెడతారా మాస్టారూ?” అని పల్నాడులోని ఒక హైస్కూలు వరండాలో నిలబడి ఒక రైతు గట్టిగానే అడిగాడు. ఆయన కూతురు తొమ్మిదో తరగతిలో బాగా చదివే పిల్ల. సోషల్ పాఠానికి పిల్లల్ని జట్లుగా కూర్చోబెడుతున్నారనీ, ఆమె జట్టులో గొర్రెలు కాసే ఇంటి కుర్రాడు ఒకడున్నాడనీ, వాడి మూలాన తన బిడ్డ వెనకబడుతుందనీ ఆయన భయం. సోషల్ మాస్టారు ఆయనకు కుర్చీ వేయించి, మార్కుల రిజిస్టరు తెరిచారు. అందులో ఏముందో తెలియాలంటే ముందు పాఠం ఎలా జరిగిందో తెలియాలి.

ఈ పద్ధతిని జిగ్‌సా అంటారు. అట్టమీది బొమ్మను వంకర టింకర ముక్కలుగా కోసి, మళ్లీ కలిపి ఆడుకునే ఆట ఒకటుంది. ఆ ఆట పేరే దీనికి పెట్టారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో 1971లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులతో కలిసి దీన్ని మొదలుపెట్టాడు. అప్పుడే అక్కడ తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో చేర్చారు. పిల్లలు ఒకరినొకరు చిన్నచూపు చూసుకునేవారు. పాఠంలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటే, పరీక్ష రాయడానికి ఎదుటివాడి మాట వినక తప్పదు కదా అన్నది ఆయన ఆలోచన. మన బడుల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఇక్కడ మాస్టారు ఎంచుకున్న పాఠం నాగార్జున సాగర్. దాన్ని నాలుగు చీటీలుగా రాశారు. మొదటి చీటీ ఆనకట్టది: 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయడం, రాతి కట్టడం, 26 గేట్లు. రెండోది కాలువలది: కుడివైపు జవహర్ కాలువ, ఎడమవైపు లాల్ బహదూర్ కాలువ, 1967 ఆగస్టు 4న నీళ్లు వదలడం. మూడోది ఇక్ష్వాకుల విజయపురి, 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాలు, అక్కడి కట్టడాలను కొండమీదికి చేర్చడం. నాలుగోది నీట మునిగిన లోయ, ఊళ్లు వదిలి వెళ్లిన జనం. ఏ చీటీకి ఆ చీటీ విడిగా చదివినా అర్థం కావాలి. ఒకటి తెలియందే రెండోది అర్థం కాని పాఠానికి, ఉదాహరణకు లెక్కలకు, ఈ పద్ధతి కుదరదని మాస్టారే చెప్పారు.

తరగతిలో 26 మంది. నలుగురేసి చొప్పున ఆరు జట్లు కాగా మిగిలిన ఇద్దరినీ రెండు జట్లలో చేర్చి, అక్కడ ఒకే చీటీని ఇద్దరికి ఇచ్చారు. జట్లను మాస్టారే వేశారు. పిల్లలకు వదిలితే ఏ వీధివాళ్లు ఆ వీధివాళ్లతోనే కూర్చుంటారు. ప్రతి జట్టులో బాగా చదివేవారు ఒకరు, తడబడేవారు ఒకరు, నడిమి తరహావారు ఇద్దరు. ఒకరు జట్టు పెద్ద, ఒకరు రాసేవారు, ఒకరు గడియారం చూసేవారు. నాలుగో పని ‘అడిగేవారి’ది. మాట్లాడనివాణ్ణి మాట్లాడించడం, అర్థం కానిదాన్ని మళ్లీ చెప్పించడం వీరి వంతు. ఈ పనులు పాఠం పాఠానికీ మారతాయి.

ఒక పీరియడు చాలదు. మొదటిరోజు ఎవరి చీటీ వారు పది నిమిషాలు చదువుకున్నారు. తర్వాత జట్లు వదిలి, ఒకే చీటీ ఉన్నవాళ్లంతా ఒకచోట చేరారు. ఆరేడుగురు ఒక్కచోట కూర్చుంటే ఇద్దరు మాట్లాడి మిగతావాళ్లు గోడలు చూస్తారు గనుక వాళ్లను మళ్లీ రెండుగా విడగొట్టారు. ముఖ్యమైనదేది, దాన్ని ఎలా చెప్పాలి అని పదిహేను నిమిషాలు తేల్చుకున్నారు. మాస్టారు ప్రతిచోటా ఆగి మూడు ప్రశ్నలు వేసి, సరైన జవాబు వచ్చాకే వదిలారు. చీటీలు వెనక్కి తీసుకున్నారు. చేతిలో చీటీ ఉంటే చెప్పడం మాని, “ఇదిగో, రాసుకో” అని ఇచ్చేస్తారట.

రెండోరోజు సొంత జట్లకు తిరిగి వచ్చి, మనిషికి అయిదు నిమిషాల చొప్పున పాఠం చెప్పారు. గొర్రెల కుర్రాడిది మునిగిన లోయ చీటీ. మొదట గొంతు పెగల్లేదు. జట్టులో ఒకడు నవ్వాడు. “రేపు పరీక్షలో ఇందులోంచి అయిదు ప్రశ్నలున్నాయి, మీకు ఇంకెవరూ చెప్పరు” అని మాస్టారు మెల్లగా అని వెళ్లిపోయారు. అడిగేపని ఆ రైతు కూతురిదే. ఆ పిల్ల ఒక్కొక్క ప్రశ్నే వేసి వాడి నోట సంగతులు రాబట్టింది. ఆస్టిన్‌లోనూ సరిగ్గా ఇలాంటిదే జరిగిందట. ఇంగ్లీషు సరిగా రాని మెక్సికన్ పిల్లవాణ్ణి మొదట వెక్కిరించినవాళ్లే, పరీక్ష గుర్తు చేశాక సరైన ప్రశ్నలు అడగడం నేర్చుకున్నారు.

మూడోరోజు పరీక్ష. ఎవరి కాగితం వారిదే, జట్టు సాయం లేదు. చీటీకి అయిదు చొప్పున ఇరవై ప్రశ్నలు, నూరు మార్కులు. మార్కుల జాబితాలోకి ఎక్కేది ఈ కాగితంలో వచ్చినదే. జట్టు లెక్క వేరు, అది నోటీసు బోర్డు వరకే. రైతు భయం ఇక్కడే తీరింది. కూతురికి వచ్చిన 90 ఆ పిల్లవే, అందులోంచి ఒక్కటీ ఎటూ పోలేదు.

జట్టు లెక్క రాబర్ట్ స్లావిన్ అనే అమెరికన్ విద్యావేత్త వేసిన పద్ధతి. ప్రతి పిల్లకీ వెనకటి పరీక్షల సగటు ఆధారం. దానికంటే పదికి మించి తగ్గితే 5 పాయింట్లు, పదిలోపు తగ్గితే 10, సమానంగా వచ్చినా పదివరకు పెరిగినా 20, పదికి మించి పెరిగితే 30. నూటికి నూరు తెచ్చుకుంటే సగటుతో పనిలేకుండా 30 ఇస్తారు. లేకపోతే ఎప్పుడూ తొంభై అయిదు తెచ్చుకునేవాడు ఇంకెక్కడికి పెరుగుతాడు?

రైతు కూతురి సగటు 85, వచ్చింది 90, పాయింట్లు 20. గొర్రెల కుర్రాడి సగటు 35, వచ్చింది 55, పాయింట్లు 30. మిగతా ఇద్దరిలో ఒకరు 60 నుంచి 55కు తగ్గి 10, ఇంకొకరు 50 నుంచి 65కు పెరిగి 30. మొత్తం 90, సగటున ఇరవై రెండున్నర. పక్క జట్టులో వచ్చిన మార్కులు 80, 70, 75, 60. ఉత్త మార్కులు చూస్తే వాళ్లే పైన. కానీ వెనకటి సగటులతో పోల్చితే ఇద్దరికి 20 చొప్పున, తగ్గిన ఇద్దరికి 10 చొప్పున వచ్చి సగటు 15 దగ్గరే ఆగారు. “ఈ కుర్రాడే మీ అమ్మాయి జట్టును పైకి లాగాడండీ” అన్నారు మాస్టారు. రైతు రిజిస్టరును తనవైపు తిప్పుకుని రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా ఈ కాగితాలే చెబుతాయి. గతనెల నదుల పాఠంలో మూడు జట్లవాళ్లంతా, ఆ చీటీ చదివినవాళ్లతో సహా, మంజీర కృష్ణకు ఉపనది అని రాశారు. అది కలిసేది గోదావరిలో. ఆ చీటీవాళ్లు ముగ్గురూ ఒకేచోట కూర్చున్నవాళ్లే. అంటే తప్పు అక్కడే పుట్టింది. మాస్టారు మూడు ప్రశ్నలు మొదలుపెట్టింది ఆ తర్వాతనే. అలాకాక చీటీ ఉన్నవాడు ఒప్పు రాసి, జట్టులో మిగతావాళ్లంతా తప్పు రాస్తే, వాడు సరిగా చెప్పలేదనో వీళ్లు వినలేదనో అర్థం. పిల్లలకు సొంత చీటీ ప్రశ్నల్లో మార్కులు ఎక్కువ, విన్న చీటీల్లో తక్కువ వస్తున్నాయి. అందుకే పరీక్షకు ముందు పది నిమిషాలు మాస్టారే మొత్తం పాఠం ఒకసారి తిరగేస్తున్నారు.

తీరని చిక్కు ఒకటుంది. పత్తి తీతలు, మిరప కోతలు వచ్చాయంటే పిల్లలు బడికి రారు. మొదటిరోజు చీటీ తీసుకున్నవాడు రెండోరోజు చేలో ఉంటే, జట్టుకు పాఠంలో పావు వంతు పోతుంది. పక్క జట్టులో ఆ చీటీ చదివిన పిల్లను రెండు చోట్లా చెప్పమంటున్నారు. అది ఆ పిల్లకు భారమేనని మాస్టారు ఒప్పుకున్నారు.