ఎడమ పక్క ఖాళీకీ అర్థం ఉంది

సీబీఎస్ఈ పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ పరీక్షలో పిల్లలు పైథాన్ ప్రోగ్రాములను పెన్నుతో కాగితం మీదే రాస్తారు. అలా రాసిన జవాబును కంప్యూటర్‌లో నడిపి చూడాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని టైపు చేయాలి. మామూలు వ్యాసాన్ని టైపు చేసేటప్పుడు పేరా మొదట్లో ఎంత జాగా వదిలామన్నది ఎవరూ పట్టించుకోరు. పైథాన్‌లో అలా కుదరదు. ఏ వరుస ఏ వరుస కిందకి వస్తుందో ఎడమ పక్క ఖాళీయే చెబుతుంది. దాన్నే ఇండెంటేషన్ అంటారు. ఒక్కో మెట్టుకు నాలుగు స్పేసులు వదలడం వాడుక.

జాబితాలోని ధన సంఖ్యలను కూడమని ఒక ప్రశ్న అనుకుందాం. విద్యార్థి ఇలా రాశాడు:

```python
def total(a):
    s = 0
    for i in a:
        if i > 0:
            s += i
    return s
```

ఇక్కడ `return` వరుస `for` కింద సరిగ్గా నిలబడింది కాబట్టి పేచీ లేదు. `[-1, 3, 4]` ఇస్తే 7 వస్తుంది. కానీ కాగితం మీద ఆ `return` కాస్త కుడికి జరిగి, `for`కీ `if`కీ నడుమ ఎక్కడో ఉందనుకోండి. దాన్ని `if`తో సమానంగా టైపు చేస్తే మొదటి సంఖ్య చూడగానే ఫంక్షన్ ముగిసిపోయి 0 వస్తుంది. `s += i`తో సమానంగా పెడితే 3 వస్తుంది. మూడు చోట్లా ప్రోగ్రాం ఏ తప్పూ చూపకుండా నడుస్తుంది, జవాబు మాత్రం మారిపోతుంది. అందుకే నడిపి చూసి తేల్చుకుందామంటే ఇక్కడ వీలుపడదు.

తేల్చవలసింది కాగితమే. మార్జిన్ గీత నుంచి దూరం కొలిస్తే సరిపోదు. రాసుకుంటూ కిందికి వెళ్లేకొద్దీ చాలామంది చేయి ఒక పక్కకు జరుగుతుంది, ఆరో వరుసకు వచ్చేసరికి అంతా కుడికి వాలి ఉండొచ్చు. కాబట్టి ఒక్కో వరుసనూ దాని పైనున్న వరుసలతోనే పోల్చాలి. `return` మొదటి అక్షరం మీద నిలువుగా స్కేలు పెట్టి, పైన `for`, `if`, `s` ఎక్కడ మొదలయ్యాయో చూడాలి. అదే విద్యార్థి మిగతా జవాబుల్లో మెట్టుకు ఎంత జాగా వదిలాడన్నదీ చూడాలి. పేజీ మారినచోట మరీ కష్టం. కొత్త పేజీ మొదటి వరుసకు పైన పోల్చడానికి ఏమీ ఉండదు. అక్కడ అనుమానం రాసిపెట్టడం తప్ప దారిలేదు.

అలా రాసిపెట్టేటప్పుడు కోడ్‌ను కదిలించకూడదు. కాగితానికి దగ్గరగా అనిపించిన రూపాన్ని టైపు చేసి, వరుస చివర కామెంట్ పెడితే చాలు:

```python
    return s  # [?] indent 4 or 8
```

బ్రాకెట్ల సంగతీ ఇలాంటిదే. తొందరలో రాసిన `[` మూలలు అరిగి `(` లాగా కనిపిస్తుంది. `{` నడుమ ఉన్న ముక్కు చిన్నదైతే అదీ అంతే. ఇక్కడ ఆధారం ఆ విద్యార్థి రాతలోనే దొరుకుతుంది. `def total(a)`లో ఉన్నది గుండ్రటి బ్రాకెట్టే, అందులో సందేహం లేదు. దాన్ని నమూనాగా పెట్టుకుని అనుమానం ఉన్నదాన్ని పక్కన చూడాలి. అప్పటికీ తేలకపోతే గుర్తు పెట్టాల్సిందే, ముఖ్యంగా రెండు రూపాలూ చెల్లేచోట. `s = []` ఖాళీ జాబితా, `s = {}` ఖాళీ డిక్షనరీ, రెండూ సరైన పైథానే. ఒకటి అంకె, చిన్న ఎల్ అక్షరం, కోలన్, సెమీకోలన్, ఒక సమాన గుర్తు, అంటుకుపోయిన రెండు సమాన గుర్తులు కూడా ఇలాగే తికమక పెడతాయి.

ప్రోగ్రామింగ్ బాగా తెలిసినవారితో ఇక్కడ ఒక చిక్కుంది. విద్యార్థి ముగింపు బ్రాకెట్ మరిచిపోతే వాళ్ల వేలు తనంతట తానే దాన్ని టైపు చేసేస్తుంది. ‘వాడి ఉద్దేశం ఇదే కదా’ అనుకుంటారు. ఉద్దేశాన్ని చూసి మార్కులు వేయాలా వద్దా అన్నది దిద్దేవారు తేల్చుకోవాలి. టైపు చేసేవారు లేని బ్రాకెట్‌ను కలిపితే ఆ నిర్ణయం దిద్దేవారి చేతికి రాకముందే జరిగిపోతుంది. తప్పును తప్పుగానే దించడం విద్యార్థికి మేలే చేస్తుందని నా నమ్మకం. ఎందుకంటే సరిదిద్దే అలవాటున్న చేయి కొన్నిసార్లు సరిగా ఉన్నదాన్నీ మారుస్తుంది.

మనిషి చేయని సవరణలను యంత్రమూ చేస్తుంది. ఉత్తరాలు రాసుకునే వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేస్తే `def` కాస్తా `Def` అవుతుంది, నిటారు కొటేషన్లు వంకరవవుతాయి, ఆ కోడ్ ఇక నడవదు. కోడ్ ఎడిటర్లలోనైతే తెరిచే బ్రాకెట్ కొట్టగానే మూసేది దానంతటదే వస్తుంది, ఎంటర్ నొక్కగానే ఇండెంటేషన్ కూడా పడిపోతుంది. పని మొదలుపెట్టేముందే ఈ రెండింటినీ సెట్టింగుల్లో ఆపేయాలి. టాబ్ కీ వాడకుండా స్పేసులే కొట్టాలి. పైథాన్ 3లో రెండూ అస్తవ్యస్తంగా కలిస్తే విద్యార్థి చేయని తప్పుకు ఎర్రర్ వస్తుంది.

చివర్లో మరొకరు అసలు కాగితాన్ని గుర్తుతో సహా బిగ్గరగా చదువుతూ ఉంటే, టైపు చేసినవారు తెర మీద సరిచూసుకోవాలి. `[?]` పెట్టిన ప్రతిచోటా జవాబు పత్రం పేజీ నంబరు రాసి, ఆ వరుస ఫొటోను జతచేసి దిద్దేవారికి పంపాలి.