తగ్గిన 150 ఎంక్వైరీలు ఎక్కడికి పోయాయి?

చెప్పినన్ని ఎంక్వైరీలు రాని నెలలో యాడ్ ఏజెన్సీ మేనేజర్లు క్లయింట్లకు రాసే ఉత్తరాలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. మార్కెట్ డల్‌గా ఉందంటారు, పోటీ పెరిగిందంటారు, వచ్చే నెల ఇంకా గట్టిగా పనిచేస్తామంటారు. అంతా చదివాక కూడా వ్యాపారికి తన డబ్బు ఎక్కడ పోయిందో తెలియదు. వచ్చే నెల మళ్ళీ పెట్టాలో మానుకోవాలో అంతకన్నా తెలియదు. ఈ రెండూ తేల్చి చెప్పేదే పనికొచ్చే ఉత్తరం. అలాంటిది ఎలా తయారవుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

విజయవాడలో మాడ్యులర్ కిచెన్లు చేసే వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. గూగుల్ సెర్చ్‌లో ప్రకటనల కోసం నెలకు 1,20,000 రూపాయలు పెట్టాడు. 400 ఎంక్వైరీలు వస్తాయని ఏజెన్సీ చెప్పింది. దసరా, దీపావళి కలిసొచ్చిన అక్టోబరులో 250 మాత్రమే వచ్చాయి.

ఉత్తరం రాయడానికి ముందే మేనేజరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఏజెన్సీ రిపోర్టులో 290 ఎంక్వైరీలని ఉంది, షాపు రిజిస్టరులో 250 పేర్లే ఉన్నాయి. గూగుల్ యాడ్స్‌లో ఎంక్వైరీలను లెక్కపెట్టే పద్ధతిని Every అని ఉంచితే, ఒకే మనిషి రెండుసార్లు ఫారం నింపినా రెండు ఎంక్వైరీలుగా పడుతుంది. One అని మారిస్తే ఒక క్లిక్కుతో వచ్చిన మనిషిని ఒక్కసారే లెక్కపెడుతుంది. ఈ తేడా సరిచేయకుండా 290 అని రాస్తే, వ్యాపారి తన రిజిస్టరు తెరిచిన నిమిషంలోనే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది. అందుకే మొదటి వాక్యంలో రాయాల్సింది చిన్న అంకె, షాపు అంకె.

ఇప్పుడు 150 తగ్గడానికి కారణం వెతకాలి. సెర్చ్ ప్రకటనల్లో ఎంక్వైరీల సంఖ్యను తేల్చేవి రెండే. ఒకటి, క్లిక్కు ఎంతకు దొరికింది. రెండు, క్లిక్కు చేసి వచ్చిన 100 మందిలో ఎంతమంది ఫోన్ నంబరు ఇచ్చారు. ఏజెన్సీ క్లిక్కుకు 15 రూపాయలు, 100కి 5 ఎంక్వైరీలు అనుకుంది. ఆ లెక్కన 8,000 క్లిక్కులు, 400 ఎంక్వైరీలు. జరిగింది వేరు. క్లిక్కు 18 రూపాయలు పడింది, 100కి 3.75 ఎంక్వైరీలే వచ్చాయి. ఆ డబ్బుకు సుమారు 6,667 క్లిక్కులు, 250 ఎంక్వైరీలు.

మేనేజరు ఇక్కడ ఇంకో అడుగు వేయాలి. క్లిక్కు ధర ఒక్కటే పెరిగి, మిగతాదంతా అనుకున్నట్టే జరిగుంటే 333 ఎంక్వైరీలు రావాలి. అంటే ధర వల్ల పోయినవి 67. మిగిలిన 83 సైటుకు వచ్చినవాళ్ళు నంబరు ఇవ్వకుండా వెళ్ళిపోవడం వల్ల పోయాయి. పండగ సీజన్లో రేట్లు పెరిగాయన్న ఒక్క మాటతో ఉత్తరం ముగిస్తే సగానికి పైగా నష్టం దాచినట్టే అవుతుంది.

క్లిక్కు ధర వేలంలో తేలుతుంది. పండగ నెలలో ఇంటీరియర్ కంపెనీలన్నీ ఒకే మాటల కోసం పోటీపడితే ధర పెరగడం మామూలే. ఎవరెవరు ఎంతగా పోటీకొచ్చారో Auction insights రిపోర్టులో కనిపిస్తుంది. కాని ఏజెన్సీ తన అంచనాను జులై, ఆగస్టు ధరల మీద కట్టి అక్టోబరుకు మాట ఇచ్చి ఉంటే, అది మార్కెట్టు తప్పు కాదు. అంచనా వేసినవాళ్ళ తప్పు.

నంబరు ఇవ్వకుండా వెళ్ళినవాళ్ళ సంగతి Search terms రిపోర్టులో కొంత బయటపడుతుంది. జనం నిజంగా టైపు చేసిన మాటలు అందులో ఉంటాయి. మాడ్యులర్ కిచెన్ కొనాలనుకున్నవాళ్ళతో పాటు, కార్పెంటర్ ఉద్యోగం కోసం, సెకండ్ హ్యాండ్ సామాను కోసం వెతికినవాళ్ళూ క్లిక్కు చేసి ఉండవచ్చు. వాళ్ళ క్లిక్కుకీ డబ్బు కట్టాల్సిందే. మిగిలింది పేజీ. మేనేజరు తన ఫోన్లో, వైఫై ఆపి, ఆ పేజీ తెరిచి చూడాలి. పెద్ద పెద్ద ఫొటోల వల్ల పేజీ తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందా? ఫారంలో పేరు, ఫోను, ఊరు చాలుననుకుంటే ఈమెయిలు, బడ్జెట్, వంటగది కొలతలతో కలిపి తొమ్మిది గళ్ళున్నాయా? కొలతలు చేతిలో లేనివాళ్ళు అక్కడే ఆగిపోతారు.

ఇంత చూశాక ఉత్తరం ఇలా మొదలుపెట్టవచ్చు:

“నమస్కారమండీ. అక్టోబరులో 400 ఎంక్వైరీలు తెస్తామని చెప్పాం, మీ రిజిస్టరు ప్రకారం 250 వచ్చాయి. తగ్గిన 150లో 67 క్లిక్కు ధర పెరగడం వల్ల, 83 పేజీకి వచ్చినవాళ్ళు ఫారం నింపకపోవడం వల్ల తగ్గాయి. పండగ ధరలు మేం ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది, తీసుకోలేదు. సంబంధం లేని వెతుకులాటలను కూడా వారం వారం తీసేయాల్సింది, నెలాఖరున చూశాం. ఈ లెక్కలన్నీ మీ అకౌంట్లో మీరే చూసుకోవచ్చు, ఎక్కడ చూడాలో కింద రాశాం.”

ఆ చివరి వాక్యం నిజం కావాలంటే యాడ్స్ అకౌంటు వ్యాపారి పేరు మీద ఉండాలి, లేదా చూసే అనుమతైనా ఆయనకు ఉండాలి.

తర్వాత డబ్బు సంగతి. 1,20,000 గూగుల్‌కు చేరిపోయింది, దాన్ని ఏజెన్సీ తిరిగి ఇప్పించలేదు. ఏజెన్సీ చేతిలో ఉన్నది తన ఫీజు మాత్రమే. అందులో ఎంత తగ్గిస్తుందో, అసలు తగ్గిస్తుందో లేదో ఉత్తరంలోనే స్పష్టంగా రాయాలి.

షాపువాళ్ళు ఆలస్యంగా ఫోన్ చేశారన్న ఫిర్యాదు ఉంటే దానికి వేరే పేరా పెట్టాలి. ఎందుకంటే ఆలస్యం వల్ల అమ్మకాలు తగ్గుతాయి గాని, ఎంక్వైరీలు తగ్గవు. సాయంత్రం 7 గంటలకు వచ్చిన ఫారానికి మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వెళ్ళిందని సమయాలతో చూపించవచ్చు. దాన్ని 150 లోటుకు సాకుగా మాత్రం వాడకూడదు.

ఇక మార్పులు. సంబంధం లేని మాటలను వెంటనే నెగటివ్ కీవర్డ్స్‌లో వేయాలి, ఆ పని ప్రతి సోమవారం చేయాలి. మూడు గళ్ళ ఫారంతో కొత్త పేజీ తయారుచేసి, వచ్చేవాళ్ళలో సగం మందిని పాతదానికి, సగం మందిని కొత్తదానికి పంపాలి. అందరినీ ఒకేసారి కొత్తదానికి పంపితే, పండగ అయిపోయినందుకు మార్పొచ్చిందో, ఫారం వల్ల వచ్చిందో చెప్పలేం. ఫారం సులువైతే ఊరికే నింపేవాళ్ళూ పెరుగుతారు కాబట్టి, ఒక్కో పేజీ నుంచి ఎంతమంది ఇంటికొచ్చి కొలతలు తీసుకోమన్నారో కూడా షాపు రాసుకోవాలి.

చివరగా కొత్త అంకె. క్లిక్కు 17 రూపాయలు, 100కి 4.5 ఎంక్వైరీలు అనుకుంటే 1,20,000కు సుమారు 318 వస్తాయి. మళ్ళీ 400 అని రాయడానికి ఆధారం లేదు. 300 దాకా అని రాసి, ఆ రెండు అంచనాలను పక్కనే పెట్టాలి. దానితో పాటు ఆగే చోటు కూడా చెప్పాలి: “60,000 ఖర్చయ్యేసరికి 140 ఎంక్వైరీలు రాకపోతే ప్రకటనలు ఆపి మీకు ఫోన్ చేస్తాం. మిగిలిన 60,000 పెట్టాలో లేదో మీరు చెప్పాకే మొదలుపెడతాం.”

వేలంలో ధర ఏజెన్సీ మాట వినదు, కాబట్టి ఫలితానికి హామీ ఇవ్వడం దాని వల్ల కాదు. ఏ వారం ఏ పని చేస్తుందో, ఎంత డబ్బు దగ్గర ఆగుతుందో చెప్పడం మాత్రం పూర్తిగా దాని చేతిలోనే ఉంది. ఏజెన్సీకి డబ్బు కట్టే ప్రతి వ్యాపారీ వచ్చే ఉత్తరంలో ముందు ఈ రెండింటి కోసమే వెతకాలి. అవి లేకపోతే రెండో నెల డబ్బు కట్టేముందు రాయించుకోవాలి.