హయాటస్ హెర్నియా: మంటా? మ్రింగుట కష్టమా?

ఉదర వితానంలో అన్నవాహిక దిగే రంధ్రం వదులై, జీర్ణాశయపు పైభాగం ఛాతీలోకి చొచ్చుకుపోవడమే హయాటస్ హెర్నియా. నూటికి 90కి పైగా రోగులలో అన్నవాహిక, జీర్ణాశయాల సంధియే పైకి జారుతుంది. అందువలన కవాటం బలహీనమై, వంగినా, పడుకున్నా పులితేన్పులు, మంట కలుగుతాయి. మరొక రకంలో సంధి తన చోటనే ఉండి, జీర్ణాశయం ప్రక్కనుండి పైకెక్కి అన్నవాహికను నొక్కుతుంది. ఇందులో మంట స్వల్పం. ముద్ద అడ్డుపడడం, తిన్నవెంటనే ఛాతీలో బరువు ప్రధానం.

దేవరకొండ ప్రాంతపు ఒక వృద్ధురాలికి మంట లేదు గాని, జొన్నరొట్టె రొమ్ములో నిలిచిపోయేది. ఇది కేవలం ఆమ్లపిత్తం కాదని ఎండోస్కోపీకి, బేరియం ఎక్స్‌రేకు పంపాను. రెండవ రకమని తేలి, శస్త్రచికిత్స అవసరమైంది.

జారే రకానికి పడకకు 3 గంటల ముందే భోజనం ముగించి, మంచం తలవైపు 6 అంగుళాలు ఎత్తు చేయడం మేలు. తీవ్రమైన ఛాతీనొప్పితో, వాంతి కాకుండా ఓకిళ్లు వస్తే జీర్ణాశయం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు కషాయాలతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి చేరాలి.