1.70 సరైనదా, 1.79 సరైనదా?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కాలమజూ పట్టణపు మానసిక చికిత్సాలయంలో నిద్రమందుల మీద ఒక పరీక్ష జరిగింది. కుష్నీ, పీబుల్స్ అనే పరిశోధకులు దాని ఫలితాలను 1905లో ప్రచురించారు. మూడేళ్ల తర్వాత ఆ పట్టికను విలియం గాసెట్ తీసుకున్నాడు. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో ఉద్యోగి. కొద్దిపాటి కొలతల నుంచి ఎంతవరకు నమ్మకంగా మాట్లాడవచ్చో వివరిస్తూ, 'స్టూడెంట్' అన్న మారుపేరుతో రాసిన 1908 నాటి వ్యాసంలో ఈ అంకెలనే ఉదాహరణగా వాడాడు.

పట్టిక చాలా చిన్నది. మొదటి మందు వేసుకున్న రాత్రుల్లో పది మంది రోగులు మామూలుకన్నా ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో అందులో ఉంది: 0.7, −1.6, −0.2, −1.2, −0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0. మైనస్ గుర్తు ఉన్నవాళ్లకు నిద్ర తగ్గిందన్నమాట. సగటు 0.75 గంట, ప్రామాణిక విచలనం 1.70 అని గాసెట్ రాశాడు.

ఇదే పట్టిక ఇవాళ R అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో `sleep` పేరుతో సిద్ధంగా ఉంటుంది. అడిగితే అది చెప్పే జవాబు వేరు.

```
sd(sleep$extra[1:10])
[1] 1.78901
```

అంకెలు అవే, మనుషులు వాళ్లే. మరి 1.70 ఎక్కడిది, 1.79 ఎక్కడిది? కాగితం, పెన్ను తీసుకుని లెక్క మళ్లీ చేస్తే తేలిపోతుంది.

ముందు సగటు. పది అంకెలూ కూడితే 7.5, పదితో భాగిస్తే 0.75. గాసెట్ చెప్పింది సరిపోయింది. తర్వాత ఒక్కొక్కరు ఈ సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చూడాలి. 3.7 గంటలు ఎక్కువ నిద్రపోయిన రోగి దూరం 2.95. 1.6 గంటలు నిద్ర పోగొట్టుకున్న రోగి దూరం −2.35. ఈ దూరాలను ఉన్నవి ఉన్నట్టు కూడితే సున్నా వస్తుంది కాబట్టి, ఒక్కొక్కదాన్నీ వర్గం చేసి కూడాలి. 2.95 వర్గం 8.7025, 2.35 వర్గం 5.5225. ఇలా పదీ కూడితే 28.805 వస్తుంది. ఈ మొత్తంలో మూడో వంతుకు దగ్గరగా ఒక్క 3.7 నుంచే వచ్చిందని గమనించాలి. చిన్న పట్టికలో ఒక్క అంకె తప్పుగా ఎక్కినా విచలనం అంతా మారిపోయేది ఇందుకే.

ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. 28.805ను పదితో భాగిస్తే విస్తృతి 2.8805, దాని వర్గమూలం 1.70. తొమ్మిదితో భాగిస్తే విస్తృతి 3.2006, వర్గమూలం 1.79. గాసెట్ పదితో భాగించాడు, R తొమ్మిదితో భాగిస్తుంది. ఇంటర్మీడియట్ గణితంలో మన పిల్లలు నేర్చుకునేది మొదటి పద్ధతే కాబట్టి వాళ్లకూ 1.70 వస్తుంది. ఎక్సెల్‌లో ఈ రెండిటికీ వేర్వేరు ఫార్ములాలు ఉన్నాయి: `STDEV.P` పదితో, `STDEV.S` తొమ్మిదితో భాగిస్తాయి.

తొమ్మిది ఎందుకంటే, దూరాలను మనం కొలిచింది ఈ పది మంది సొంత సగటు నుంచి. ఆ దూరాల మొత్తం సున్నా కావాలి గనుక తొమ్మిది తెలిస్తే పదోది దానంతటదే తెలిసిపోతుంది. పైగా సొంత సగటు ఎప్పుడూ ఆ అంకెలకు అతి దగ్గరగా ఉండే చోటే పడుతుంది. అందువల్ల పదితో భాగిస్తే, ఇలాంటి రోగులందరిలో ఉండే అసలు హెచ్చుతగ్గులకన్నా జవాబు కాస్త తక్కువగా కనిపిస్తుంది. పది మందికి ఆ తేడా సుమారు 5 శాతం, ఐదుగురికైతే 12 శాతం. వంద మంది ఉంటే అర శాతమే, ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

కాబట్టి గాసెట్ తప్పు చేయలేదు. తన వ్యాసంలోని సంభావ్యతా పట్టికలను కూడా ఆయన పదితో భాగించే పద్ధతికి తగ్గట్టే తయారుచేశాడు. ఆయన 1.70ని తీసుకెళ్లి నేటి సూత్రంలో పెడితేనే చిక్కు: సగటు మీది ప్రామాణిక దోషం 0.57 రావలసిన చోట 0.54 వస్తుంది, మందు ప్రభావం ఉన్నదానికన్నా నికరంగా కనిపిస్తుంది.

చాలా వ్యాసాల్లో ఇలా పది అంకెలూ ఇవ్వరు. కనిష్ఠం, గరిష్ఠం, సగటు, దాని పక్కన ± గుర్తుతో ఒక అంకె, అంతే ఉంటాయి. అప్పుడు కూడా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఈ పట్టికలో కనిష్ఠం −1.6, గరిష్ఠం 3.7, వ్యాప్తి 5.3, అందులో సగం 2.65. విచలనం అతి ఎక్కువగా ఉండాలంటే ఐదుగురు ఒక కొసన, ఐదుగురు మరో కొసన ఉండాలి. అప్పుడు ప్రతి ఒక్కరి దూరం 2.65. తొమ్మిదితో భాగించే లెక్కలో అది 2.79 అవుతుంది. అతి తక్కువగా ఉండాలంటే కొసల్లో చెరొకరు, మిగతా ఎనిమిది మందీ సరిగ్గా నడుమ ఉండాలి. అది 1.25. అంకెలు ఎలా ఉన్నా సరే, పది మందికి ఈ వ్యాప్తి ఉంటే ప్రామాణిక విచలనం 1.25కు తగ్గదు, 2.79ను మించదు.

ఈ హద్దులు పట్టుకునే పొరపాట్లు రెండున్నాయి. ప్రామాణిక విచలనం అని శీర్షిక పెట్టి ప్రామాణిక దోషాన్ని రాయడం ఒకటి. ఇక్కడ అది 0.57, కింది హద్దులో సగం కూడా లేదు. వర్గమూలం తీయడం మరిచి విస్తృతినే రాసేయడం రెండోది. ఇక్కడ అది 3.20, పై హద్దు దాటింది. హద్దుల బయట పడిన అంకె చూసి వెంటనే మోసం అనడం తొందరపాటు. ముందు దాన్ని మంది సంఖ్య వర్గమూలంతో గుణించి చూడాలి, తర్వాత దాని వర్గమూలం తీసి చూడాలి. 0.57ను పది వర్గమూలమైన 3.16తో గుణిస్తే 1.80 వస్తుంది, హద్దుల్లోకి చేరుతుంది. శీర్షిక మారిందని అర్థమవుతుంది. ఏం చేసినా హద్దుల్లోకి రాకపోతే అప్పుడు రచయితలను అసలు అంకెలు అడగాలి.

1.70, 1.79 రెండూ హద్దుల లోపలే ఉన్నాయి కాబట్టి ఈ పరీక్ష వాటిని విడదీయలేదు. అందుకు పది అంకెలూ చేతిలో ఉండాల్సిందే.

లెక్క సరిపోయినా పట్టుబడని తప్పులుంటాయి. ఈ పట్టికే అందుకు సాక్ష్యం. రెండో మందు గడిలో గాసెట్ ఇచ్చిన సగటు 2.33, విచలనం 1.90. మళ్లీ చేస్తే అవీ సరిగ్గా అంతే వస్తాయి. కానీ ఆయన వ్యాసంలో మందుల పేర్లే తప్పు పడ్డాయి. ఒకే మందు తాలూకు రెండు రూపాలను పోల్చినట్టు రాశాడు. కుష్నీ, పీబుల్స్ ఆ గడుల్లో పోల్చింది హయోసయమిన్, హయోసిన్ అనే రెండు వేర్వేరు మందులను. 28.805ను ఎన్నిసార్లు కూడినా ఆ సంగతి బయటపడదు, 1905 నాటి మూల వ్యాసం తెరవాల్సిందే.

పట్టికలు ప్రచురించేవారు ± పక్కన ఉన్నది విచలనమో దోషమో, ఎంతమంది మీద కట్టిందో, దేనితో భాగించిందో పట్టిక కిందే ఒక్క వాక్యంలో రాయాలి. ఇరవై మందికి మించని పట్టికైతే అసలు అంకెలన్నీ అక్కడే అచ్చు వేయాలి.