సిమ్మర్ అంటే సిమ్‌లో పెట్టడం కాదు

ఇంగ్లీషు రెసిపీ ముందు పెట్టుకుని వండేవాళ్ళను దినుసుల పేర్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. వంట చెడేది క్రియల దగ్గర. సాటే, బ్రెయిజ్, సిమ్మర్, బ్లాంచ్, విస్క్ అనే ఒక్కో మాటలో మంట ఎంత, నీళ్ళు ఎన్ని, ఎంతసేపు అనే మూడు సంగతులూ ఇమిడి ఉంటాయి. వాటిని మనకు తెలిసిన వేయించడం, ఉడికించడం కిందికి తెచ్చేసుకుంటే ఆ సంగతులు జారిపోతాయి. ఒకే వంటకం తీసుకుని చూద్దాం: ఎముకతో ఉన్న కిలో మటన్ భుజం ముక్కల బ్రెయిజ్, పక్కన బ్లాంచ్ చేసిన బీన్స్. అయిదు మాటలూ ఇందులో వస్తాయి.

అపోహ: బ్రెయిజ్ చేసేముందు మాంసాన్ని ఎర్రగా వేయించేది రసం బయటికి పోకుండా మూత పడటానికి.

ఈ నమ్మకానికి పెద్ద పేరే అండగా ఉంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ 1840ల్లో చెప్పిన మాట ఇది. వంటపుస్తకాలు దాన్ని నూరేళ్ళకు పైగా మోశాయి. 1984లో హెరాల్డ్ మెగీ వంటశాస్త్రం మీద రాసిన పుస్తకంలో ఇది నిజం కాదని వివరించాడు. రుజువు మన పొయ్యి మీదే ఉంది. ముక్క పెనానికి తగలగానే వినిపించే చుర్రుమనే చప్పుడు మాంసంలోని నీరు ఆవిరైపోతున్న చప్పుడే. ముక్క ఎర్రబడిన తర్వాత కూడా ఆ చప్పుడు ఆగదు. రసానికి మూత పడిందే నిజమైతే ఆగిపోవాలి.

మరి ఎందుకు వేయించాలి? రుచి కోసం. పైభాగం దాదాపు 140 డిగ్రీలు దాటితేనే ఆ ఎరుపు, ఆ వాసన వస్తాయి. తడి ఉన్నంతసేపు అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ముక్కల్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అద్ది, రెండు చెంచాల నూనె బాగా కాగాక, ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు చొప్పున వేయాలి. కిలో మాంసం ఒకేసారి గుమ్మరిస్తే అడుగున నీరు చేరి, ముక్కలు బూడిదరంగులో ఉడికిపోతాయి. ముక్కలు తీసేశాక అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను మాత్రం కడిగేయకండి. కూర రుచి చాలావరకు అందులోనే ఉంది. నల్లగా మాడిపోయి ఉంటేనే పారేయాలి.

అపోహ: సాటే అంటే మన వేపుడు.

సాటేకి వెడల్పాటి పెనం, కొద్దిపాటి నూనె, మధ్యస్థం నుంచి ఎక్కువ మంట, చేతిలో గరిటె కావాలి. ముక్కలు ఒకే వరుసలో ఉండాలి, కదులుతూ ఉండాలి, పని త్వరగా అయిపోవాలి. మన వేపుడులా మూతపెట్టి మగ్గించడం ఇందులో లేదు. మన వంటకంలో ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలకు ఇదే పని. అయితే రెసిపీలు ఈ మాటను కాస్త వదులుగానే వాడతాయి. ఉల్లిపాయను మెత్తబడి అద్దంలా కనిపించేదాకా సాటే చేయమంటే మంట తగ్గించుకోవాలి, రంగు మారకూడదు. బంగారు రంగు వచ్చేదాకా అంటే అది వేరే పని, పావుగంటకు పైగా పడుతుంది. పక్కన అయిదు నిమిషాలని రాసి ఉన్నా పట్టించుకోకండి. రంగు చూడండి.

ఇప్పుడు కప్పు నీళ్ళో స్టాకో పోసి అడుగున ఉన్న పొరను చెక్క గరిటెతో గీకి కరిగించి, మాంసం మళ్ళీ గిన్నెలోకి చేర్చాలి. ద్రవం ముక్కల సగం ఎత్తుకు వస్తే చాలు. మునిగేదాకా పోస్తే అది బ్రెయిజ్ కాదు, పులుసు.

అపోహ: సిమ్మర్ చేయమంటే గ్యాస్ పొయ్యిని సిమ్‌లో పెట్టి వదిలేయడమే.

మన ఇళ్ళలో ఎక్కువ వంటలు చెడేది ఈ ఒక్క మాట దగ్గరే అని నా అభిప్రాయం. సిమ్ అనేది నాబ్ మీది గుర్తు. సిమ్మర్ గిన్నెలోని ద్రవం ఉండాల్సిన స్థితి, సుమారు 85 నుంచి 95 డిగ్రీలు. చిన్న గిన్నెకు మూతపెడితే సిమ్‌లో కూడా సలసల మరుగుతుంది. పెద్ద బర్నర్ మీద పెట్టినా అంతే. అదే అయిదు లీటర్ల బరువైన గిన్నెను చిన్న బర్నర్ మీద సిమ్‌లో పెడితే ఒక్క బుడగ కూడా లేవకపోవచ్చు.

చూడాల్సింది ద్రవం పైభాగం. అంచుల దగ్గర ఆగి ఆగి చిన్న బుడగలు లేస్తూ, పైన సన్నగా కదలిక ఉంటే అదే సిమ్మర్. పెద్ద బుడగలు వరసగా పగులుతుంటే మంట తగ్గించండి, లేదా మూత కొద్దిగా పక్కకు జరపండి. అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. గిన్నె మార్పును వెంటనే చూపించదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, భుజం, కాలు వంటి గట్టి మాంసంలో కొలాజెన్ అనే పీచు ఉంటుంది. అది మెల్లగా కరిగి జెలటిన్ అయితేనే ముక్క మెత్తబడుతుంది. అందుకు గంటలు పడుతుంది. సలసల మరిగిస్తే ఈలోపే కండ బిగుసుకుని నీరు పిండేసుకుంటుంది, ముక్కలు చెదిరిపోతాయి, కొవ్వు రసంలో కలిసి జిడ్డుగా, మబ్బుగా అవుతుంది. గంటన్నరకు ముక్క ఇంకా రబ్బరులా ఉంటే ఎక్కువ ఉడికిందనుకుని దించేయకండి. ఇంకా కావాలని అర్థం. ఈ మటన్‌కు రెండున్నర గంటలు, ముదురుదైతే మూడు. ఫోర్కు అడ్డులేకుండా దిగి, మాంసం ఎముక నుంచి వదిలితే అయినట్టు.

కుక్కర్‌లో పెట్టొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. పెట్టొచ్చు. లోపల వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కనుక పీచు త్వరగా కరుగుతుంది. కానీ నీరు ఇగరదు, రసం పలచగా మిగులుతుంది. ముక్కలు తీసి పక్కన పెట్టి, రసాన్ని విడిగా చిక్కబరచుకోవాలి.

అపోహ: బ్లాంచ్ అంటే ఉడకబెట్టి నీళ్ళు వంచేయడం.

బ్లాంచ్‌లో రెండు సగాలున్నాయి. మొదటిది మరిగే నీళ్ళు, రెండోది ఐసు నీళ్ళు. రెండోది వదిలేస్తే పని సగమే అయినట్టు, ఎందుకంటే జల్లెడలో ఉన్న బీన్స్ తమ వేడితోనే ఉడుకుతూ ఉంటాయి. పావుకిలో బీన్స్‌కు రెండు, మూడు లీటర్ల నీళ్ళు మరిగించి, చెంచా ఉప్పు వేసి, బీన్స్ వేసి మూడు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసు నీళ్ళలోకి తీయాలి. అంతసేపూ మూత పెట్టకూడదు. కూరల్లోంచి వచ్చే ఆమ్లాలు ఆవిరితో పోవాలి. లోపలే ఉంటే ఆకుపచ్చ రంగునిచ్చే క్లోరోఫిల్‌లోని మెగ్నీషియం ఊడిపోయి, బీన్స్ పాచిరంగుకు తిరుగుతాయి. రంగు నిలవడానికి చిటికెడు వంటసోడా వేసే అలవాటు మంచిది కాదు. రంగు నిలుస్తుంది, బీన్స్ ముద్దవుతాయి.

అపోహ: విస్క్ చేయమంటే నురగ వచ్చేదాకా గిలక్కొట్టాలి.

నురగ గుడ్డు తెల్లసొనకు, క్రీముకు. మనం బీన్స్ మీదకు చేసే డ్రెస్సింగ్‌లో విస్క్ పని నూనెను సన్నటి బిందువులుగా విడగొట్టి నిమ్మరసంలో కలిపి ఉంచడం. ఒక చెంచా నిమ్మరసం, పావుచెంచా ఆవముద్ద, ఉప్పు ముందు కలిపి, మూడు చెంచాల నూనెను చుక్కలు చుక్కలుగా మొదలుపెట్టి సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. చిక్కబడి మబ్బుగా అయితే కుదిరినట్టు. నూనె తేలితే మీరు తొందరపడ్డారు. మళ్ళీ కొంచెం ఆవముద్ద వేరే గిన్నెలో తీసుకుని, విడిపోయినదాన్ని అందులోకి చుక్కలుగా పోస్తూ తిప్పండి.

నిమ్మరసం కూడా ఆమ్లమే కాబట్టి బీన్స్‌ను ముందే కలిపి పెట్టకండి. మటన్ పళ్ళెంలోకి వచ్చాక, వడ్డించే క్షణంలో కలపండి.